పడ్డను టేపుతో కొలవండి

పాలిచ్చే గేదెకు దాణా తప్పదు. పాలు తాగే దూడ మీదా ఇంటిల్లిపాది కన్నుంటుంది. పాలు మాన్పించిన ఆడదూడ సంగతి వేరు. అప్పటి నుంచి చూడి కట్టేదాకా దాని వల్ల రూపాయి రాదు కాబట్టి దాన్ని పాక చివర కట్టేస్తారు. గేదెలు తిని వదిలిన వరిగడ్డే దాని మేత. అది చచ్చిపోదు, పెద్ద జబ్బూ చెయ్యదు, మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. రైతు నష్టపోయేది ఆ మెల్లదనంలోనే.

డెల్టా పల్లెల్లో ఎక్కువగా కనిపించే గ్రేడెడ్ ముర్రా పడ్డనే తీసుకుందాం. మూడు నెలలకు పాలు మాన్పించేటప్పుడు అది 65 కిలోలు ఉందనుకోండి. మొదటిసారి సూది వేయించడానికి 300 కిలోలు ఉండాలి. అంటే మధ్యలో 235 కిలోలు పెరగాలి. రోజుకు 400 గ్రాముల చొప్పున పెరిగితే 588 రోజులు చాలు, ఇరవై మూడో నెల నిండేలోగా కట్టించవచ్చు. అదే పడ్డ వరిగడ్డి మీద రోజుకు 250 గ్రాములే పెరిగితే 940 రోజులు కావాలి, కట్టించేసరికి ముప్పై నాలుగు నెలలు దాటిపోతుంది. గేదె చూడి కాలం పది నెలల పది రోజులు. కాబట్టి మొదటి పడ్డ ముప్పై మూడో నెలలో ఈనితే, రెండోది నలభై ఐదో నెలలో ఈనుతుంది. రోజుకు 150 గ్రాముల తేడా ఏడాది పాలను మింగేస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. పడ్డ ఎదకు రావడానికి వయసు కన్నా ముఖ్యం బరువు. మూడేళ్లు నిండినా తగిన ఒళ్లు లేకపోతే ఎద రాదు. వచ్చినా, ఒళ్లు లేకుండా కట్టిస్తే ఈనేటప్పుడు కష్టపడుతుంది, తొలి ఈతలో పాలు తగ్గుతాయి. అందుకే లెక్కను నెలల్లో కాకుండా కిలోల్లో పెట్టుకోవాలి. రోజుకు 400 గ్రాములంటే నెలకు 12 కిలోలు. ఆ లెక్కన ఆరు నెలలకు 100, ఏడాదికి 173, ఏడాదిన్నరకు 245 కిలోలు ఉండాలి. ఈ మూడు అంకెలూ పాక గోడ మీద రాసుకుంటే చాలు.

బరువు తెలియడానికి కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ఉదయం మేత, నీళ్లు పెట్టకముందే పడ్డను చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా నిలబెట్టాలి. ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ టేపు వేయాలి, అది ఒంటికి ఆనాలి గానీ బిగుసుకోకూడదు. తర్వాత భుజం ముందు ఎముక కొస నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక కొస దాకా పొడవు కొలవాలి. రెండూ అంగుళాల్లో తీసుకుని, చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, వచ్చిందాన్ని 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 54, పొడవు 44 అంగుళాలు అయితే బరువు సుమారు 194 కిలోలు. ఈ లెక్క పది, పదిహేను కిలోలు అటూ ఇటూ కావచ్చు. అందుకే ఒక్కసారి కొలతను చూసి ఏదీ తేల్చకూడదు. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మనిషి కొలిచి రాసుకుంటే పెరుగుతోందో ఆగిందో రెండు మూడు నెలల్లో స్పష్టంగా తెలుస్తుంది.

ఎక్కువ పడ్డలు వెనకబడేది మూడు నుంచి ఆరు నెలల మధ్య. పాలు ఆగిపోతాయి, గడ్డిని అరిగించుకునే పెద్దపొట్ట ఇంకా పూర్తిగా తయారై ఉండదు. వరిగడ్డిలో మాంసకృత్తులు నాలుగు శాతానికి మించవు. పొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు బతకడానికి మేత మొత్తం మీద కనీసం ఏడు శాతమైనా ఉండాలి. అంత లేకపోతే తిన్న గడ్డి అరగక పొట్టలోనే నిలవ ఉంటుంది. డొక్కలు ఉబ్బి, వెన్నెముక తేలి, వెంట్రుకలు గరుకుగా ఎర్రబారిన దూడను చూసి ‘బాగానే తింటోంది, పొట్ట నిండుగా ఉంది’ అనుకుంటాం. నిజానికి అది ఆకలి గుర్తు. లోపల ఏలికపాములూ ఉండవచ్చు కాబట్టి ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి పశువైద్యుడు చెప్పిన మోతాదులో నట్టల మందు పట్టించాలి. మాగాణి నీళ్లలో తిరిగే పడ్డలకు కార్జపు జలగల మందు గురించీ అడగాలి.

అందుకే దూడ దాణా తినడం బాగా మరిగి, వరసగా మూడు రోజులు కిలో దాకా తిన్నాకే పాలు పూర్తిగా ఆపాలి. దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. వంద కిలోలకు మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 28, నూనె తీసిన తవుడు 29, లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. బూజు పట్టిన చెక్కను కలపొద్దు. ఆరు నెలల దాకా ఈ దాణా రోజుకు కిలో నుంచి కిలోన్నర పెట్టి, లేత పచ్చిమేత తిన్నంత వేయాలి. యూరియాతో మాగేసిన గడ్డిని ఆరు నెలల లోపు దూడకు అసలు పెట్టకూడదు.

ఏడాది దగ్గర పడ్డ బరువు 150 కిలోలు దాటాక మేత లెక్క ఇలా ఉంటుంది. దానికి రోజుకు తడి తీసేసిన లెక్కన నాలుగు కిలోల దాకా మేత కావాలి. పది కిలోల సూపర్ నేపియర్‌లో రెండు కిలోలు, కిలోంబావు దాణాలో కిలోకు కాస్త ఎక్కువ వస్తుంది. మిగిలింది వరిగడ్డి తీరుస్తుంది. వరి కోశాక చల్లిన పిల్లిపెసర గానీ, గట్ల మీద అలసంద గానీ ఉంటే నేపియర్‌లో మూడో వంతు తీసేసి అది వేయండి, దాణాలో చెక్క తగ్గించుకోవచ్చు. రోజూ పాతిక గ్రాముల లవణ మిశ్రమం మాత్రం మానొద్దు. బరువున్నా ఎద రాని పడ్డల్లో భాస్వరం వంటి లవణాల కొరత తరచుగా కనిపిస్తుంది.

వేగం మితిమీరినా చేటే. ఎదకు రాకముందు పొదుగులో పాలగ్రంథులు అల్లుకునే దశలో దాణా అతిగా పెడితే వాటి చోట కొవ్వు పేరుకుంటుంది. అలాంటి పొదుగు చూడ్డానికి నిండుగా ఉన్నా పాలు తక్కువ ఇస్తుంది. తోక మొదట్లో కొవ్వు గుత్తులు కనిపిస్తే దాణా తగ్గించి పచ్చిమేత పెంచాలి.

నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఆడదూడకు బ్రుసెల్లోసిస్ టీకా ఒక్కసారి వేయించాలి. ఈచుకుపోవడాన్ని తెచ్చే ఈ జబ్బుకు ఆ వయసు దాటితే టీకా వేయరు.

టేపు లెక్క 280 కిలోలు చూపించిన రోజు నుంచి పడ్డను ఉదయం, రాత్రి దగ్గరగా గమనించాలి. ఆవులా గేదె పెద్దగా అరవదు, మూగ ఎద ఎక్కువ. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం వాచి గాజులా తెల్లగా సాగే తీగ వేయడం ముఖ్యమైన గుర్తులు. ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. వేసవిలో ఎద అణిగిపోతుంది, నీడా నీళ్లూ ఇస్తే కొంత నయం. చలికాలానికీ ఎద రాకపోతే నెలనెలా రాసిన బరువుల పుస్తకం పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. లోపం మేతలో ఉందా, గర్భసంచిలో ఉందా అన్నది ఆ పుస్తకం చూస్తే ఆయనకు త్వరగా తేలుతుంది.