పింక్ ఏంటి, పర్పుల్ ఏంటి? ఒక అపెండిక్స్ స్లైడ్ చదువుదాం

ఇవాళ మైక్రోస్కోప్ కింద పెట్టింది ఆపరేషన్ చేసి తీసిన అపెండిక్స్ ముక్క. పేషెంట్‌కి కడుపునొప్పి వచ్చింది, అపెండిక్స్ తీసేశారు. మరి నొప్పి దానివల్లేనా? ఆ సమాధానం ఈ స్లైడ్ చెప్పాలి.

ముందు రంగుల సంగతి. ఈ ముక్క మందం దాదాపు 4 మైక్రాన్లు. రంగు వేయకపోతే గాజులా ఉంటుంది, ఏమీ కనపడదు. అందుకే రెండు రంగులు వాడతాం. హెమటాక్సిలిన్ లాగ్‌వుడ్ అనే చెట్టు చేవ నుంచి వస్తుంది. దాన్ని ఆక్సీకరణ చేసి అల్యూమినియం లవణంతో కలిపితే పాజిటివ్ చార్జ్ వస్తుంది. డీఎన్ఏది నెగటివ్ చార్జ్ కాబట్టి పోయి దాన్ని పట్టుకుంటుంది. అంటే పర్పుల్ చుక్క కనపడితే అది ఎక్కువగా కణం మధ్యలో ఉండే న్యూక్లియస్. ఇయోసిన్ దీనికి రివర్స్. అది ప్రోటీన్లకి అంటుకుంటుంది. కండరం, కొల్లాజెన్, ఎర్ర రక్తకణాలు, అన్నీ పింకే. తెల్లగా ఉన్న చోట ఒకప్పుడు కొవ్వు ఉండి ఉండొచ్చు, స్లైడ్ తయారుచేసేటప్పుడు జైలీన్‌లో కరిగిపోతుంది.

ఇప్పుడు 4ఎక్స్ లెన్స్‌లో చూడండి. చాలామంది డైరెక్ట్‌గా 40ఎక్స్‌కి వెళ్ళిపోతారు, అది ఊరి మ్యాప్ చూడకుండా సందులో దిగడం లాంటిది. మధ్యలో ఖాళీ, దాని చుట్టూ గ్రంథుల వరస, వాటి కింద గుండ్రంగా దట్టమైన పర్పుల్ గుంపులు. ఈ గుంపులు చూసి "అమ్మో, ఇన్ఫెక్షన్" అనుకోకండి. అవి లింఫోసైట్లు. చిన్న వయసు వాళ్ళ అపెండిక్స్‌లో ఇవి మామూలే. ఒక్కో కణం దాదాపు అంతా న్యూక్లియసే, అందుకే అంత ముదురుగా ఉంటుంది.

ఇంకా బయటికి వస్తే మందమైన పింక్ పట్టీ, అదే కండరం. మన అసలు ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. 40ఎక్స్‌కి మార్చి పింక్ పోగుల మధ్య చూడండి. సన్నగా పొడుగ్గా ఉన్న పర్పుల్ గీతలు కండర కణాల న్యూక్లియస్‌లు, అవి ఉండాల్సినవే. కానీ వాటి మధ్య రెండు మూడు ముక్కలుగా విడిపోయినట్టు, సన్నని దారంతో కలిసినట్టు ఉన్న న్యూక్లియస్‌లు కనపడుతున్నాయి కదా? అవి న్యూట్రోఫిల్స్. అవి కండరం లోపలికి చొచ్చుకెళ్ళాయంటే అక్యూట్ అపెండిసైటిస్ అని రాస్తాం. మధ్య ఖాళీలో మాత్రమే కొన్ని కనపడితే అలా రాయడానికి సరిపోదు.

ఇంకో చిక్కు ఉంది. కొన్నిసార్లు న్యూట్రోఫిల్స్ బయటి పొర మీదే ఉంటాయి, లోపల అంతా శుభ్రంగా ఉంటుంది. అప్పుడు మంట అపెండిక్స్‌లో మొదలవ్వలేదేమో, పక్కనున్న ఫెలోపియన్ ట్యూబ్ లాంటి చోటు నుంచి వచ్చిందేమో అని సర్జన్‌కి ఫోన్ చేసి చెప్తాం.