తీగ తూకం ఒకచోట, రేకు తూకం ఇంకోచోట

ఒక ఇనప తీగను 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తంగా వంచండి. అదే కొలతతో మందపాటి అట్ట నుంచి ఒక అర్ధవృత్తాన్ని కత్తిరించండి. అట్ట మీద తీగను పెడితే వంపు అంచున సరిగ్గా కూర్చుంటుంది. చూపుకు రెండింటిదీ ఒకటే ఆకారం. తూకం దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. వ్యాసం గీత నుంచి కొలిస్తే తీగ గురుత్వ కేంద్రం 6.37 సెం.మీ. ఎత్తున ఉంటుంది, అట్టది 4.24 సెం.మీ. ఎత్తునే ఆగిపోతుంది.

ఇంటర్, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇవి 2r/π, 4r/3π అనే రెండు సూత్రాలుగా తెలుసు. చాలామంది వాటిని విడివిడిగా బట్టీ పడతారు, పరీక్షలో తీగది రేకుకీ, రేకుది తీగకీ వేసి వస్తారు. ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలని ఎవరైనా చూపిస్తే ఆ తడబాటు ఉండదు. రెండోది మొదటిదానిలో సరిగ్గా మూడింట రెండు వంతులు. ఆ మూడింట రెండు వంతులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవడానికి పదో తరగతి లెక్కలు చాలు, సమాకలనం అవసరం లేదు.

గురుత్వ కేంద్రం ఎత్తు అంటే వస్తువులోని ముక్కలన్నిటి ఎత్తుల సగటే. ఎక్కువ బరువున్న ముక్క ఆ సగటును తనవైపు ఎక్కువగా లాగుతుంది. మన రెండు వస్తువులకూ ఎడమ సగం, కుడి సగం ఒకేలా ఉన్నాయి. కాబట్టి కేంద్రం నడిమి నిలువు గీత మీదే ఉండాలి, ఇక వెతకాల్సింది ఎత్తు ఒక్కటే. తీగ మొత్తం వంపు మీదే ఉంది, వ్యాసం దగ్గర దాని రెండు కొనలు తప్ప ఏమీ లేవు. అట్ట అలా కాదు. వ్యాసం దగ్గరే అది అన్నిటికన్నా వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. బరువంతా కిందివైపు పరుచుకుంది కనుక సగటు కిందికి దిగింది. ఇంతవరకు లెక్క లేకుండానే ఊహించవచ్చు. ఎంత దిగింది అన్నదే ఆసక్తికరమైన ప్రశ్న.

ముందు తీగ సంగతి. దాన్ని చాలా చిన్న ముక్కలుగా ఊహించుకోండి. ఒక ముక్క పొడవు s, వ్యాసం నుంచి దాని ఎత్తు y. నడినెత్తిన సూర్యుడు ఉంటే ఆ ముక్క నీడ వ్యాసం గీత మీద పడుతుంది. ఆ నీడ పొడవు w అనుకుందాం. తీగ కొన దగ్గరి ముక్క దాదాపు నిటారుగా నిలబడి ఉంటుంది, దాని నీడ దాదాపు సున్నా, ఎత్తు కూడా దాదాపు సున్నా. శిఖరాన ఉన్న ముక్క పడుకుని ఉంటుంది, దాని నీడ దాని పొడవంతా ఉంటుంది, ఎత్తు పూర్తి r. అంటే నీడా ఎత్తూ కలిసి పెరుగుతున్నాయి.

ఆ పెరుగుదల కచ్చితంగా ఒకే నిష్పత్తిలో ఉంటుంది. వృత్త కేంద్రం నుంచి ముక్క దాకా వ్యాసార్ధం గీస్తే అది ముక్కకు లంబంగా తగులుతుంది. ఆ వ్యాసార్ధం కర్ణంగా, y నిలువు భుజంగా ఒక పెద్ద లంబకోణ త్రిభుజం వస్తుంది. ముక్క కర్ణంగా, నీడ అడ్డ భుజంగా ఒక చిట్టి త్రిభుజం వస్తుంది. రెండూ సరూప త్రిభుజాలు, పెద్దదాన్ని తొంభై డిగ్రీలు తిప్పి చిన్నది చేసినట్టు ఉంటాయి. అందువల్ల w/s, y/r సమానం. దాన్నే ఇలా రాసుకోవచ్చు:

s × y = r × w

ఎడమవైపున్నది ముక్క పొడవుతో దాని ఎత్తును గుణించినది. సగటుకు మనం కూడాల్సింది సరిగ్గా అదే. ముక్కలన్నిటికీ దాన్ని కూడితే కుడివైపు నీడలన్నీ కలుస్తాయి. నీడలన్నీ వరసగా చేరితే వ్యాసం మొత్తం, అంటే 2r అవుతుంది. మన తీగకు 10 × 20, మొత్తం 200. తీగ పొడవు πr, అంటే 31.4 సెం.మీ. 200ని 31.4తో భాగిస్తే 6.37. సూత్రంగా రాస్తే 2r/π. ఎత్తుల లెక్క నీడల లెక్కగా మారిపోయి, నీడల మొత్తం ఒక సరళరేఖ కావడం నాకు జ్యామితిలో ఎంతో ఇష్టమైన మలుపుల్లో ఒకటి. ఇంత వంపు తిరిగిన వస్తువుకు జవాబు ఒక్క భాగహారంతో తేలిపోయింది.

ఇప్పుడు అట్ట. వృత్త కేంద్రం నుంచి వంపు దాకా గీతలు గీసి దాన్ని సన్నని సమాన ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క తగినంత సన్నగా ఉంటే అది త్రిభుజమే అనుకోవచ్చు: శీర్షం వృత్త కేంద్రం దగ్గర, భూమి వంపు మీద. త్రిభుజ గురుత్వ కేంద్రం మధ్యగత రేఖను శీర్షం వైపు నుంచి 2:1 నిష్పత్తిలో విభజిస్తుందని పదో తరగతిలోనే చదివాం. అంటే ప్రతి ముక్క బరువూ వృత్త కేంద్రం నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, 6.67 సెం.మీ. దగ్గర ఉన్నట్టే.

సమాన బరువులు, సమాన ఎడాలతో, 6.67 సెం.మీ. వ్యాసార్ధమున్న వంపు మీద బారులు తీరాయి. అదొక తీగ! అట్ట మొత్తాన్ని మనం ఒక చిన్న అర్ధవృత్తపు తీగగా మార్చేశాం. తీగ సూత్రం మన చేతిలో ఉంది: 2 × 6.67ని 3.14తో భాగిస్తే 4.24. సూత్రంగా 2r/πలో మూడింట రెండు వంతులు, అదే 4r/3π. రేకు సూత్రంలో కింద కనిపించే ఆ 3 త్రిభుజం ఇచ్చినదే.

ఈ జవాబులను సరిచూసుకోవడానికి ఒక పాత దారి ఉంది. నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా గణితవేత్త పాపస్ గ్రంథంలో కనిపించే సిద్ధాంతం అది. పదిహేడో శతాబ్దంలో పాల్ గుల్డిన్ మళ్లీ ప్రచురించాడు కనుక ఇద్దరి పేర్లతోనూ పిలుస్తారు. ఒక గీతను ఒక అక్షం చుట్టూ తిప్పితే ఏర్పడే ఉపరితలం, ఆ గీత పొడవును దాని గురుత్వ కేంద్రం తిరిగిన దూరంతో గుణించినంత. గీతకు బదులు పలకను తిప్పితే ఘనపరిమాణం కూడా అదే తీరున వస్తుంది. మన తీగను వ్యాసం చుట్టూ తిప్పితే గోళపు పైతలం వస్తుంది, వైశాల్యం 4πr². తీగ పొడవు πr, కేంద్రం తిరిగిన దూరం 2π రెట్లు 2r/π, అంటే 4r. రెండిటి లబ్ధం 4πr². సరిపోయింది. అట్టను తిప్పితే నిండు గోళం. దాని వైశాల్యం πr²/2ని 8r/3తో గుణిస్తే 4πr³/3, గోళం ఘనపరిమాణమే.

కాగితం మీద కుదిరింది చేతిలోనూ కుదరాలి. అట్ట మూలన, కొనకు వీలైనంత దగ్గరగా సూదితో పొడిచి గోడ మేకుకు స్వేచ్ఛగా ఊగేలా వేలాడదీయండి. అదే మేకు నుంచి బరువు కట్టిన దారం వదలండి. వస్తువు ఊగడం ఆగాక దాని గురుత్వ కేంద్రం దారం మీదికే వస్తుంది. ఇప్పుడు వ్యాసం రెండో కొన దారం నుంచి అడ్డంగా ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. అట్టకు 7.8 సెం.మీ. రావాలి. తీగను కొన దగ్గర సన్నని దారపు ముడితో వేలాడదీసి అదే కొలిస్తే 10.7 సెం.మీ. రావాలి. దాదాపు మూడు సెంటీమీటర్ల తేడా, కంటికే తెలుస్తుంది.

తీగ దగ్గర కొలత తప్పితే మొదట అనుమానించాల్సింది వంపునే. వంచిన తీగ చేయి వదలగానే కొంచెం విచ్చుకుంటుంది. వేలాడదీసే ముందు రెండు కొనల మధ్య 20 సెం.మీ. ఉందో లేదో చూసి, కాగితం మీద గీసిన అర్ధవృత్తంతో పోల్చాలి. వేలాడదీయడం కోసం కొనను కొక్కెంలా వంచినా బరువు ఆ పక్కకు జరిగి లెక్క చెడుతుంది.

ఇంకొక పొరపాటు ఆలోచనలోనే జరుగుతుంది. గురుత్వ కేంద్రం గుండా అడ్డగీత గీస్తే బరువు పైనా కిందా సగం సగం అవుతుందని చాలామంది అనుకుంటారు. తీగలో ఆ గీత కింద ఉన్నది 44 శాతమే, 56 శాతం పైనే ఉంది. అట్టలో అది తిరగబడుతుంది: కింద 52 శాతం, పైన 48 శాతం. కేంద్రం బరువును మాత్రమే కాక దూరాన్ని కూడా లెక్క పెడుతుంది. తీగలో కింద ఉన్న తక్కువ భాగం గీతకు దూరంగా సాగి, పైనున్న ఎక్కువ భాగంతో సరితూగుతుంది.

పరీక్షల్లో తరచూ మోసం చేసేది మూసిన తీగ. వంపుతోపాటు వ్యాసం గీతగా కూడా తీగ ఉంటే అది చూడడానికి రేకు అంచులా కనిపిస్తుంది. దాంతో జవాబు తీగకూ రేకుకూ మధ్య ఎక్కడో ఉంటుందని మనసు చెబుతుంది. లెక్క వేరే చెబుతుంది. కొత్తగా చేరిన 20 సెం.మీ. తీగ ఎత్తు సున్నా. ఎత్తుల మొత్తం పాత 200 దగ్గరే ఉండిపోయింది, పొడవు మాత్రం 51.4 అయింది. భాగిస్తే 3.89. రేకు కేంద్రం కన్నా కూడా కిందికి దిగిపోయింది.

నిజమైన వస్తువులు తీగంత సన్నగా ఉండవు, చాలావాటి మధ్యలో ఖాళీ ఉంటుంది. బయటి వ్యాసార్ధం R, లోపలిది r అయిన పట్టీకి సూత్రం ఇది:

4(R³ − r³) / 3π(R² − r²)

లోపలి వ్యాసార్ధం సున్నా అయితే ఇది రేకు సూత్రం, R దాకా పెరిగితే తీగ సూత్రం. బయట 10, లోపల 8 సెం.మీ. ఉన్న పట్టీకి 5.75 వస్తుంది. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీని తీగ అనుకుని 6.37 వేస్తే అర సెంటీమీటరుకు పైగా తప్పుతుంది. ఆ 5.75 పట్టీ మీద కాక ఖాళీలోనే పడింది కనుక, అక్కడ వేలు పెట్టి దాన్ని నిలబెట్టలేం. అట్టను మాత్రం 4.24 దగ్గర వేలి మొన మీద నిలబెట్టవచ్చు. మధ్యలో చిన్న అర్ధవృత్తపు రంధ్రం కోసి దాన్ని పెంచుతూ పోతే కేంద్రమూ నెమ్మదిగా పైకి జరుగుతుంది, కానీ రంధ్రపు అంచు అంతకన్నా వేగంగా వెంబడిస్తుంది. లోపలి వ్యాసార్ధం సుమారు 4.94 సెం.మీ. అయినప్పుడు అంచు కేంద్రాన్ని అందుకుంటుంది. అంతకన్నా ఎక్కువ కోస్తే ఆ అట్ట ఇక వేలి మీద నిలవదు.