ఎంటర్ కొడితే ఎందుకు విరగదు?

కొండపల్లి దశావతారాల సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాలనుకుందాం. పది బొమ్మలు, తెల్ల పొణికి కర్ర, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతుకులు. చెప్పాల్సింది చాలానే ఉంటుంది కాబట్టి వివరణ పొడుగ్గానే వస్తుంది. అమ్మే మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో వివరం తర్వాత ఎంటర్ కొట్టుకుంటూ, స్పేస్‌బార్ నొక్కి కోలన్లన్నీ ఒకే వరసలోకి తెచ్చుకుంటూ ఇలా టైప్ చేస్తారు:

```
కర్ర         : తెల్ల పొణికి
ఎత్తు        : 5 అంగుళాలు
బొమ్మలు     : 10
```

సేవ్ చేశాక ఫోన్‌లో చూస్తే కర్ర, ఎత్తు, బొమ్మలు అన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి. సైటు పాడైందనుకుంటాం గానీ అది తన పని సరిగ్గానే చేసింది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్. అందులో పక్కపక్కన ఎన్ని ఖాళీలున్నా, ఎన్నిసార్లు ఎంటర్ కొట్టినా బ్రౌజర్ వాటన్నిటినీ కలిపి ఒక్క ఖాళీగానే లెక్కేస్తుంది. వరస నిజంగా విరగాలంటే ఆ మాట దాని భాషలోనే చెప్పాలి. `<br>` అంటే ఇక్కడ వరస మార్చు అని. `<p>`, `</p>` మధ్య పెట్టింది ఒక పేరా. పై మూడు వరసలూ ఇలా మారతాయి:

```
<p>కర్ర: తెల్ల పొణికి<br>
ఎత్తు: 5 అంగుళాలు<br>
బొమ్మలు: 10</p>
```

కోలన్లు ఇప్పుడు ఒకే వరసలో ఉండవు. ఉండనివ్వకపోవడమే మంచిది. అక్షరాల వెడల్పులు ఫాంట్‌ను బట్టి మారతాయి కాబట్టి, ఖాళీలతో కుదిర్చిన వరస మన కంప్యూటర్ దాటితే నిలవదు.

కొన్ని సైట్లు మనం కొట్టిన ఎంటర్‌ను తామే `<br>`గా మార్చుకుంటాయి. అలాంటి చోట రెండూ పెడితే ప్రతి వరస మధ్యా అనవసరమైన ఖాళీ వస్తుంది. ఏ సైటు ఎలాంటిదో తేల్చుకోవడానికి ముందు మూడు వరసలు రాసి, సేవ్ చేసి చూడటమే దారి.

ఇంతకన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు ఇంకోటుంది. వాక్యం నడుస్తుండగానే, కంప్యూటర్ తెర మీద వరస అందంగా ఉండేలా మధ్యలో `<br>` పెట్టడం. అరవై అక్షరాలకో విరుపు పెట్టారనుకోండి. ఫోన్ వరసలో నలభై అక్షరాలే పడితే మొదటి నలభై ఒక వరస, మిగిలిన ఇరవై రెండో వరస. అక్కడ మన విరుపు తగులుతుంది. మళ్లీ నలభై, మళ్లీ ఇరవై. పళ్లూడిన దువ్వెనలా తయారవుతుంది పేరా. వరస ఎక్కడ తిరగాలన్నది తెర నిర్ణయించాలి. విషయం ఎక్కడ మారిందన్నది మాత్రమే రాసేవాళ్లు చెప్పాలి. `<br>` చిరునామాలకు, కొలతలకు, పద్యపాదాలకు. వచనం మధ్యలో దానికి పని లేదు.

మరి మనకు నచ్చిన ట్యాగులన్నీ వాడుకోవచ్చా అంటే, కుదరదు. దాదాపు ప్రతి సైటుకూ అనుమతించిన ట్యాగుల జాబితా ఒకటి ఉంటుంది. ఆ కట్టడి ఎందుకో తెలియాలంటే 2005 అక్టోబరులో మైస్పేస్‌లో జరిగింది చూడాలి. అప్పటికి బాగా నడుస్తున్న ఆ సైటులో సభ్యులు తమ పరిచయ పేజీలో హెచ్‌టీఎమ్‌ఎల్ రాసుకోవచ్చు. ప్రమాదకరమైన ట్యాగులను, `javascript` అన్న మాటను సైటు వడకట్టేసేది. శామీ కామ్‌కర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఆ మాటను రెండు ముక్కలు చేసి, `java`కూ `script`కూ మధ్య ఒక వరస విరుపు పెట్టాడు. జల్లెడకు ఆ మాట దొరకలేదు. కొన్ని బ్రౌజర్లు మాత్రం రెండు ముక్కలనూ కలిపే చదువుకున్నాయి. ఆ పేజీ చూసిన ప్రతివాళ్ల పేజీలోకీ కోడ్ తనంతట తాను ఎక్కి, ఒక రోజు తిరక్కుండానే పది లక్షల మందికి పైగా పాకింది. చివరికి సైటును కాసేపు ఆపేయాల్సి వచ్చింది. ఒక్క విరుపు ఎంత పని చేసిందో చూడండి! ఫలానావి వద్దు అనే జాబితాకు ఎప్పుడూ ఏదో ఒక సందు దొరుకుతుంది. అందుకే ఫలానావి మాత్రమే వాడండి అనే పద్ధతి క్షేమం.

జాబితాలో లేని ట్యాగు పెడితే రెండింట్లో ఒకటి జరుగుతుంది. కొన్ని సైట్లలో `<b>` అన్నది అలాగే అక్షరాలుగా తెర మీద కనిపిస్తుంది. ఇది వికారంగా ఉన్నా వెంటనే తెలిసిపోతుంది కాబట్టి నయం. మిగతా చోట్ల ట్యాగు మాయమై లోపలి మాటలు మిగులుతాయి. `<p>కర్ర బొమ్మలు.</p><p>సహజ రంగులు.</p>` అని పక్కపక్కనే రాసివుంటే అది 'కర్ర బొమ్మలు.సహజ రంగులు.' అని అతుక్కుపోతుంది. చుక్క తర్వాత ఖాళీ లేకుండా వాక్యాలు కలిసిపోయి కనిపిస్తే ట్యాగు ఎగిరిపోయిందని అర్థం. అమెజాన్ 2021లో సరుకు వివరణల్లో హెచ్‌టీఎమ్‌ఎల్‌ను ఆపేసి, వరస విరుపును మాత్రం ఉంచింది. ఈబే పూర్తి వివరణలో చాలా ట్యాగులను ఒప్పుకుంటుంది, జావాస్క్రిప్ట్‌ను మాత్రం రానివ్వదు. ఫోన్‌లో ముందుగా కనిపించడానికి 800 అక్షరాల్లోపు చిన్న వివరణ విడిగా ఇచ్చుకునే వీలు కూడా అక్కడ ఉంది. అందులో `<br>`, జాబితాల ట్యాగులు మాత్రమే నిలుస్తాయి. మన దశావతారాల సెట్‌కైతే బొమ్మల సంఖ్య, ఎత్తు, కర్ర, పగలకుండా ఎలా కట్టి పంపుతారన్నది అందులో పెట్టి, కొండపల్లి కథంతా పూర్తి వివరణకు వదిలేయడం మంచిది.

ఇక తెర దాటి పక్కకు పోయే బాధ. పేజీ కిందికే కాక పక్కకూ జరుగుతోందంటే లోపల ఏదో తెర కన్నా వెడల్పుగా ఉన్నట్టే. చాలా ఫోన్లు బ్రౌజర్ లెక్కలో 360 నుంచి 430 పిక్సెళ్ల వెడల్పుంటాయి. `width="800"` అని రాసిన పట్టిక అందులో ఎలా పడుతుంది? పట్టిక తీసేసి 'ఎత్తు: 5 అంగుళాలు' అని వరసలుగా రాయడమే తేలిక. ఫొటోలకు స్టైల్ రాసుకోనిచ్చే చోటైతే ఇది చాలు:

```
<img src="bomma.jpg" style="max-width:100%;height:auto">
```

విభాగాల మధ్య అలంకారానికి కొట్టిన `==========` గీత కూడా పేజీని పక్కకు లాగగలదు. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి బ్రౌజర్ దాన్ని ఒకే మాటగా చూస్తుంది. పొడవాటి లింకులదీ ఇదే తంతు. వీటన్నిటికన్నా దొంగది `&nbsp;`. చూడటానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది గానీ అక్కడ వరస విరగనివ్వదు. వర్డ్ నుంచో, ఇంకో వెబ్ పేజీ నుంచో కాపీ చేసినప్పుడు చెప్పకుండా వచ్చేస్తుంది. వాక్యంలో ఖాళీలన్నీ అవే అయితే వాక్యమంతా ఒకే మాటై తెర బయటికి పోతుంది. అందుకే ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్కడి నుంచి కాపీ చేసుకోమంటారు. దాంతో రంగులు, ఫాంట్లు పోతాయి గానీ `&nbsp;` పోదు. దాన్ని వెతికి మామూలు ఖాళీగా మార్చాల్సిందే.

తెలుగులో రాసేవాళ్లకు అదనంగా ఒక చిక్కుంది. వేరేచోట నుంచి తెచ్చిన స్టైల్‌లో `line-height:14px` లాంటిది ఉంటే ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోవచ్చు. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పై వరస వత్తు కింది వరస గుడి మీద పడుతుంది. పిక్సెళ్ల లెక్క తీసేసి `line-height:1.6` అని పెడితే ఫాంట్ పెరిగినప్పుడల్లా వరసల మధ్య ఎడమూ పెరుగుతుంది.

పరీక్షించడానికి ఫోన్ చేతిలో లేకపోయినా ఫర్వాలేదు. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, ఆపైన కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ కలిపి నొక్కితే పేజీ ఫోన్ ఆకారంలోకి వస్తుంది. వెడల్పు 320కి తగ్గించి చూడండి. అక్కడ పక్కకు జరగకపోతే మామూలు ఫోన్లలోనూ జరగదు. జరిగితే వివరణను సగం తీసేసి మళ్లీ చూడాలి. అలా సగం సగం తగ్గించుకుంటూ పోతే ఏ పట్టికో, ఏ `&nbsp;` వాక్యమో నాలుగైదు సార్లలో దొరికిపోతుంది.