జెల్‌లో బ్యాండ్ రాకపోతే ముందు ప్రైమర్ కొస చూడండి

పీసీఆర్ ముగిశాక జెల్‌ను యూవీ వెలుగులో పెడితే, 500 దగ్గర రావలసిన బ్యాండ్ కనిపించదు. బాగా కింద, 100 గుర్తుకు దిగువన మసకగా ఒక మచ్చ మెరుస్తుంటుంది. చాలామంది వెంటనే ఎంజైమ్‌ను అనుమానిస్తారు. నా దృష్టిలో ముందు చూడవలసింది డీఎన్ఏ కలపని ట్యూబు తాలూకు లేన్. అక్కడా అదే మచ్చ ఉంటే అది ప్రైమర్ డైమర్. అంటే ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి, ఎంజైమ్ వాటినే కాపీ చేసింది.

ప్రైమర్ అంటే సాధారణంగా 18 నుంచి 25 అక్షరాల చిన్న డీఎన్ఏ ముక్క. మనకు కావలసిన జన్యుభాగానికి రెండు వైపులా ఒక్కోటి అతుక్కుంటుంది. ఎంజైమ్ కొత్త అక్షరాలను చేర్చేది దాని 3' కొస నుంచే. అందుకే తప్పు చాలావరకు ఆ కొసలోనే దాగి ఉంటుంది. ఉదాహరణకు ఈ ప్రైమర్ చూడండి:

```
5'-ATGACTCAGTTGACAAGGCC-3'
                3'-CCGGAACAGTTGACTCAGTA-5'
```

ఇందులో 20 అక్షరాలు, వాటిలో సగం G, C లు. ఒక్కో G, C కి 4, ఒక్కో A, T కి 2 చొప్పున లెక్కగడితే విడిపోయే ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీలు. కాగితం మీద ఏ లోపమూ లేదు. కానీ కొసనున్న GGCC తనలాంటి మరో ప్రైమర్ కొసతో సరిగ్గా జతపడుతుంది. ఎంజైమ్ రెండు వైపులా పూరించేస్తే 36 అక్షరాల ముక్క తయారవుతుంది. జెల్ అడుగున మెరిసింది అదే.

దీనికి మందు సులువే. ప్రైమర్‌ను జన్యువు మీద రెండు అక్షరాలు వెనక్కి జరపాలి. కొసన CC పోయి AAGG మిగులుతుంది, అది తనతో తాను జతకట్టదు. కొత్తది ఆర్డర్ చేసే వీలు లేనప్పుడు ప్రైమర్ మోతాదు తగ్గించి, హాట్‌స్టార్ట్ ఎంజైమ్ వాడితే కొంత ఫలితం ఉంటుంది.

డైమర్ లేదు, బ్యాండూ లేదంటే సంగతి వేరు. బ్యాక్టీరియాను గుర్తించే 27F, 1492R ప్రైమర్ల జంట దాదాపు 1,500 అక్షరాల ముక్కనిస్తుంది. మామూలు టాక్ ఎంజైమ్‌కు వెయ్యి అక్షరాలకు సుమారు నిమిషం పడుతుంది. 30 సెకన్లే ఇస్తే కాపీ మధ్యలో ఆగిపోతుంది, కాబట్టి 90 సెకన్లు ఇవ్వాలి. మట్టి నుంచి తీసిన డీఎన్ఏ అయితే అందులోని హ్యూమిక్ ఆమ్లం ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అలాంటప్పుడు డీఎన్ఏను పెంచకూడదు, పది రెట్లు పలుచన చేసి చూడాలి.

లేన్ పొడవునా చారలా పాకితే సాధారణంగా డీఎన్ఏ ఎక్కువైందని, సైకిళ్లు మితిమీరాయని, లేదా ప్రైమర్ అతికే ఉష్ణోగ్రత తక్కువైందని అర్థం. డీఎన్ఏ తగ్గించి, ఉష్ణోగ్రతను రెండేసి డిగ్రీలు పెంచుతూ చూడండి.

ఏ మార్పు చేసినా డీఎన్ఏ లేని ట్యూబును మాత్రం మానకండి. అందులోనే 500 బ్యాండ్ కనిపించిందంటే నీళ్లో, ప్రైమరో కలుషితమైనట్టే. ఆ రోజు జెల్‌లోని మిగతా బ్యాండ్లు ఎంత చక్కగా వచ్చినా నమ్మడానికి వీల్లేదు.