రక్తపు మరక, చన్నీళ్లు, ఓ జీర్ణరసం కథ

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో తోళ్లు ఊనే పరిశ్రమకు కావలసిన రసాయనాలు తయారు చేసే ఒట్టో ర్యోమ్ 1913లో బట్టల ఉతుకుకు సంబంధించి ఒక పేటెంటు తీసుకున్నాడు. జంతువుల క్లోమం నుంచి తీసిన జీర్ణరసాన్ని సోడాతో కలిపి, ఆ నీళ్లలో బట్టలు నానబెట్టాలన్నది అతని ఆలోచన. మరుసటి ఏడాది ఆ పొడి ‘బర్నస్’ పేరుతో అంగళ్లకు వచ్చింది. ఎంజైములతో బట్టలు ఉతకడం అక్కడ మొదలైంది.

ఆ ఆలోచన అతనికి తోళ్ల దగ్గర తట్టింది. అప్పటిదాకా తోళ్లను మెత్తబరచడానికి కుక్కల మలం కలిపిన నీళ్లలో నానబెట్టేవారు. ఆ మురికినీళ్లలో పని చేస్తున్నవి ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైములు. వాటి బదులు శుభ్రమైన క్లోమరసాన్ని వాడి ర్యోమ్ తోళ్ల పనిని మార్చేశాడు. తోలులోని అనవసరపు ప్రొటీన్లను కొరికే రసం, గుడ్డకు పట్టిన ప్రొటీన్లను మాత్రం ఎందుకు కొరకదు అన్నది అతని తర్వాతి ప్రశ్న.

గుడ్డకు ప్రొటీన్ ఎలా పడుతుందో తెలియాలంటే రక్తపు మరకనే చూడాలి. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు 0.2 గ్రాముల ప్రొటీన్లుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఎర్రరంగునిచ్చే హీమోగ్లోబిన్. మిగిలిన దాంట్లో ముఖ్యమైనది ఆల్బుమిన్. ఈ రెండూ పొడవాటి గొలుసుల్లాంటి అణువులే అయినా, ఉండల్లా ముడుచుకుని ఉంటాయి. నీటితో పొసగని భాగాలు ఉండ లోపల దాక్కుంటాయి, నీటితో కలిసే భాగాలు బయటికి ఉంటాయి. అందుకే చన్నీళ్లు తగిలిన వెంటనే తాజా రక్తం కరిగి గులాబీరంగు నీళ్లయి జారిపోతుంది. మామూలు నీళ్లలో ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలి, లోపలి హీమోగ్లోబిన్‌ను వదిలేయడం కూడా ఇక్కడ మనకు మేలే చేస్తుంది.

నీళ్ల వేడి సుమారు 60 డిగ్రీలు దాటిందంటే కథ మారిపోతుంది. ముడుచుకున్న ఉండలు విప్పుకుంటాయి. లోపల దాగిన, నీళ్లంటే గిట్టని భాగాలు బయటపడి పక్క అణువుల్లోని అలాంటి భాగాలను పట్టుకుంటాయి. కొన్నిచోట్ల గంధకం పరమాణువుల మధ్య కొత్త బంధాలు కూడా ఏర్పడతాయి. గుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడటం సరిగ్గా ఇదే మార్పు. ఉడికిన సొన మళ్లీ నీళ్లలో కరగనట్టే, ఉడికిన రక్తమూ కరగదు.

నూలు గుడ్డలో ఈ మార్పు మరింత ఇబ్బంది పెడుతుంది. పత్తి పోగు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. దాని సెల్యులోజ్ నారల మధ్య సన్నని సందులుంటాయి, పోగుల పేటల మధ్య ఇంకా పెద్ద సందులుంటాయి. కరిగి ఉన్న ప్రొటీన్ వాటిల్లోకి సులువుగా చేరుతుంది. అక్కడే అది గడ్డకడితే, వచ్చిన దారిన బయటికి రాలేనంత పెద్దదైపోతుంది. వేడినీళ్లు మరకను ‘పట్టిస్తాయి’ అనడంలోని అర్థం ఇదే. రంగు గుడ్డకు అంటుకోవడం కన్నా, ప్రొటీన్ గుడ్డ లోపల ఇరుక్కుపోవడమే అసలు సంగతి.

చన్నీళ్లకూ ఒక హద్దుంది. రక్తం శరీరం దాటిన కొద్ది నిమిషాల్లో ఫైబ్రిన్ అనే సన్నని వల అల్లుకుంటుంది. అది చన్నీళ్లలో కరగదు. గాలి తగిలే కొద్దీ హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఆక్సీకరణ చెందుతుంది, రంగు గోధుమలోకి తిరుగుతుంది. కాబట్టి ఆరిపోయిన మరక, వేడి తగలకపోయినా, తాజా మరకంత సులువుగా వదలదు.

తెల్లని నూలు దిండు గలీబు మీద రాత్రి ముక్కునుంచి రక్తం కారి పడిందనుకుందాం. గుడ్డను తిరగేసి, మరక వెనకవైపు నుంచి కుళాయి నీళ్లు పడేలా పట్టుకోవాలి. నీళ్ల ఒత్తిడికి రక్తం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. తర్వాత చన్నీళ్ల బకెట్లో అరగంట నానబెట్టి, నీళ్లు రంగెక్కగానే పారబోసి, కొత్తవి పోయాలి. నీళ్లు ఇంకా గులాబీరంగులోకి తిరుగుతున్నాయంటే కరగగలిగిన ప్రొటీన్ మిగిలే ఉంది. నీళ్లు తేటగా ఉండి గుడ్డ మీద గోధుమరంగు అంచు మిగిలిందంటే, ఇక చన్నీళ్ల పని అయిపోయింది. అక్కడి నుంచి ఎంజైము పొడి పని. గోరువెచ్చని నీళ్లలో ఆ పొడి వేసి కొన్ని గంటలు నాననివ్వాలి. మరక కనిపిస్తున్నంతసేపు ఇస్త్రీపెట్టె దగ్గరికి పోకూడదు. నూలుకు పెట్టే ఇస్త్రీ వేడి, మిగిలిన ప్రొటీన్‌ను పోగులోనే కాల్చి బిగిస్తుంది.

బర్నస్‌కు ఈ రెండో దశలోనే చిక్కొచ్చింది. క్లోమరసంలోని ట్రిప్సిన్ క్షారాన్నీ వేడినీ బాగా తట్టుకోలేదు. సబ్బుతో ఉతికే నీళ్లలో రెండూ ఎక్కువే. అందుకే ముందుగా నానబెట్టడానికే అది పనికొచ్చింది. క్షారాన్ని ఓర్చే ఎంజైము కోసం దాదాపు అర్ధ శతాబ్దం ఆగాల్సి వచ్చింది. 1959లో స్విట్జర్లాండ్‌లో బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైముతో ‘బయో 40’ వచ్చింది. 1960ల తొలినాళ్లలో డెన్మార్క్ కంపెనీ నోవో, బాసిలస్ లైకెనిఫార్మిస్ అనే బ్యాక్టీరియాను పెంచి ‘ఆల్కలేజ్’ తయారు చేసింది. ఇది సబ్బుపొడి క్షారంలోనూ, అరవై డిగ్రీల దాకా వేడిలోనూ పని చేసింది. ప్రొటీన్ గొలుసును చిన్నచిన్న ముక్కలుగా కోస్తే, ఆ ముక్కలు సందుల్లోంచి బయటపడి నీళ్లలో కలిసిపోతాయి. వేడికి గడ్డకట్టిన మరకకు కూడా కొంత ఆశ ఉండేది ఇందుకే.

ఆ విజయానికి మూల్యం చెల్లించింది ఫ్యాక్టరీ కార్మికులు. గాలిలో లేచిన ఎంజైము దుమ్ము పీల్చి వాళ్లు ఉబ్బసం లాంటి జబ్బుల పాలయ్యారని 1969లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక బయటపెట్టింది. తర్వాత ఎంజైమును దుమ్ము లేవకుండా పూత పూసిన గుళికలుగా చేయడం మొదలైంది. ఇప్పుడు పొడిలో ఎంజైము ఉండేది ఆ రూపంలోనే.

చెమట, ద్రాక్షసారా మరకలను రక్తంతో ఒకే గాటన కట్టకూడదు. చెమట చాలావరకు నీళ్లూ ఉప్పూ. కాలరుకు పట్టే జిడ్డు చర్మం నుంచి వచ్చే కొవ్వు, దానితో కలిసి కాసిని ప్రొటీన్లు. ప్రొటీన్ల కోసం ముందు చన్నీళ్లలో జాడించాలి. కొవ్వు కరగడానికి తర్వాత వెచ్చని నీళ్లూ సబ్బూ కావాలి. చన్నీళ్లతోనే సరిపెడితే జిడ్డు మిగిలిపోయి, క్రమంగా పసుపురంగుకు తిరుగుతుంది.

ఎర్ర ద్రాక్షసారాలో మరక చేసేది ప్రొటీన్ కాదు. ఆంథోసయనిన్లు అనే రంగులు, వాటికి తోడు టానిన్లు. మన నేరేడుపండు మరకలో ఉన్నవీ ఆంథోసయనిన్లే. వేడికి గడ్డకట్టే గుణం వీటికి లేదు. తడి ఆరకముందే చన్నీళ్లతో పలచబరిస్తే చాలా రంగు పోతుంది. సోడా, సబ్బు తగిలితే ఆ ఎరుపు నీలంలోకి మారి కంగారు పెడుతుంది. మిగిలిన రంగును ఆక్సిజన్ బ్లీచు విరగగొడుతుంది. ప్రొటీన్ కోసే ఎంజైముకు ఇక్కడ చేసేదేమీ లేదు.

ఎంజైముకు గుడ్డేదో మరకేదో తెలియదు. నూలు సెల్యులోజ్ కాబట్టి దాని జోలికి పోదు. పట్టూ ఉన్నీ ప్రొటీన్లే, వాటిని మరకతోపాటే కొరుకుతుంది. పట్టుచీర మీద రక్తం పడితే చన్నీళ్ల దగ్గరే ఆగాలి. నూలైతే ముందు చన్నీళ్లు, తర్వాత గోరువెచ్చటి ఎంజైము నీళ్లు, మరక పూర్తిగా పోయాకే వేడి. ఈ వరస తప్పితే, మొదట్లో ఒట్టి నీళ్లకు పోయేదాన్ని తర్వాత ఎంజైము కూడా పూర్తిగా తీయలేకపోవచ్చు.