తెర మీద విరిగిన అస్త్రం

ఆటలో వీరుడికి కొత్త ఆయుధం దొరికింది. తెర మీద ‘అస్త్రం’ అని రావాలి. వచ్చింది ‘అస్‌త్‌రం’. అనువాదకుడు సరిగ్గానే రాశాడు, ఫాంటూ మంచిదే. ఆ రెంటికీ మధ్య జరగాల్సిన పని ఒకటి జరగలేదు.

కంప్యూటర్ ఈ మాటను 7 సంకేతాలుగా దాచుకుంటుంది: అ, స, పొల్లు, త, పొల్లు, ర, సున్నా. తావత్తుకీ రావత్తుకీ యూనికోడ్‌లో సొంత నంబర్లు లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని వత్తుగా మార్చమనే సూత్రాలు ఫాంటు లోపల ఉంటాయి. వాటిని చదివి, ఏ రూపం ఎక్కడ కూర్చోవాలో తేల్చడమే షేపింగ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో ఈ పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. గేమ్ ఇంజిన్లలో గోడో 4, అన్‌రియల్ కూడా దాన్నే వాడుకుంటాయి.

యూనిటీలో విరివిగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో దారి వేరు. అది సంకేతానికి ఒక బొమ్మ చొప్పున వరసగా పేర్చుకుంటూ పోతుంది. ఆ బొమ్మల పట్టికను సాధారణంగా యూనికోడ్ నంబర్ల జాబితా ఇచ్చి తయారు చేస్తారు. నంబరే లేని వత్తులు అందులోకి రావు. అందుకే ఎన్ని ఫాంట్లు మార్చినా అస్త్రం అతకదు. హిందీకి ఇంకో చిక్కు: హల్లు తర్వాత దాచిన హ్రస్వ ఇకారం గుర్తు హల్లుకు ముందు కనిపించాలి. షేపింగ్ లేకపోతే అది వెనకే ఉండిపోతుంది.

షేపింగ్ కుదిరాక సంభాషణల దగ్గర మరో తప్పు బయటపడుతుంది. పాత్ర మాట్లాడుతున్నట్టు అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి రావడం చాలా ఆటల్లో ఉంటుంది. సంకేతాలను లెక్కపెట్టి చూపిస్తే ఇలా కనిపిస్తుంది:

అ, అస, అస్, అస్త, అస్త్, అస్త్ర, అస్త్రం.

చదివేవాడి కళ్ల ముందే అక్షరం ఐదుసార్లు రూపు మార్చుకుంటుంది. తెలుగువాడికి ఇక్కడున్నవి రెండే అక్షరాలు: అ, స్త్రం. వాక్యం మొత్తాన్ని ముందే షేప్ చేసి, ఆ తర్వాత గుత్తుల వారీగా చూపించాలి. తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే గుత్తిగా లెక్కించే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. పాత లైబ్రరీలు పొల్లు దగ్గరే తెగ్గొడతాయి.

ఇక చోటు సంగతి. ఇంగ్లీషు ‘కంటిన్యూ’కి కొలిచి గీసిన బటన్లో ‘కొనసాగించండి’ పట్టదు. అక్షరాల సైజు తగ్గించడం సులువైన దారే, కానీ చిన్న ఫోన్‌లో వత్తులు మసకబారి చుక్కల్లా మిగులుతాయి. బటన్‌ను సాగనివ్వడమో, ‘ముందుకు’ లాంటి పొట్టి మాట వెతకడమో మేలు. వెడల్పును అందరూ గమనిస్తారు గానీ ఎత్తును మరిచిపోతారు. లాటిన్ అక్షరాలకు సరిపోయే వరస ఎత్తులో తెలుగు వత్తుల అడుగు కోసుకుపోతుంది. అప్పుడు వీరుడి చేతిలోని ‘కత్తి’ కాస్తా ‘కతి’ అవుతుంది. దీన్ని ఏ స్పెల్‌చెకరూ పట్టుకోలేదు, ఎందుకంటే ఫైల్లో ఉన్నది ‘కత్తి’యే. తెలుగు చదవగలిగిన మనిషి ఆట ఆడుతూ తెర తర్వాత తెర చూస్తేనే దొరుకుతుంది.