ఏడు రంగుల్లో ఇరవై ఎనిమిది ఆటలు

2024లో టొరంటోలో గుకేశ్ గెలిచిన క్యాండిడేట్స్ చెస్‌లో ఎనిమిది మంది ఆడారు, ప్రతి ఇద్దరూ రెండుసార్లు. ఒక విడతే చూద్దాం. ఆటగాళ్లు చుక్కలు, ఆటలు గీతలు అనుకుంటే 28 గీతలొస్తాయి. రౌండుకో రంగు; ఒకే చుక్క దగ్గర ఒకే రంగు రెండుసార్లు పడకూడదు. రౌండుకు నాలుగే ఆటలు కనుక ఏడు రంగులు కావాల్సిందే.

మరి ఏడు చాలతాయా?

8ని మధ్యలో ఉంచి, మిగతా ఏడుగురిని వరుసగా చుట్టూ నిలబెట్టండి. 8–1 కలిపి, దానికి అడ్డంగా 2–7, 3–6, 4–5 గీయండి. తర్వాత ఒక్కో స్థానం జరిపితే 8–2, 3–1, 4–7, 5–6. ఇలా ఏడు రౌండ్లలో అన్ని గీతలూ నిండుతాయి.

తోచినట్టు జతలు వేస్తే మాత్రం చిక్కే. ఆరు జట్లను మూడేసిగా విడదీసి, మొదటి మూడు రౌండ్లూ అవతలి గుంపుతోనే ఆడించారనుకోండి. ఆపై ప్రతి రౌండులోనూ గుంపుకో జట్టు ఖాళీగా కూర్చుంటుంది. అయిదింట ముగియాల్సిన టోర్నీకి ఆరు రౌండ్లు పడతాయి.